కుడివైపు నీడ

నొప్పి ఎడమవైపు. లారీ డ్రైవరు, 28 ఏళ్ల వాడు. ఎడమ కింది దవడ పన్ను పుచ్చి, రాత్రిళ్లు నిద్ర పట్టక, 14 నెలల కిందట దగ్గర్లోని టౌన్‌లో ఒక క్లినిక్‌కి వెళ్లాడు. అక్కడ ఓపీజీ తీయించి రూట్ కెనాల్ మొదలుపెట్టారు. రెండు సిట్టింగులకే నొప్పి పోయింది. అతను మళ్లీ ఆ గడప తొక్కలేదు. క్యాప్ వేయించుకోని ఆ పన్ను ఇప్పుడు సగానికి విరిగింది. పాత ఫిల్ము ఉన్న గోధుమరంగు కవరు పట్టుకుని డెంటల్ కాలేజీ ఓపీకి వచ్చాడు.

అతని కేసు రాసుకునే వంతు ఒక ఫైనలియర్ బీడీఎస్ అమ్మాయికి వచ్చింది. ఈ అమ్మాయినీ, ఆ డ్రైవర్నీ నేనే కల్పించాను. వీళ్ల కథలో కనిపించే జబ్బు, అది దాక్కునే చోటు, చదువుకున్న కళ్లు దాన్ని దాటిపోయే తీరు మాత్రం నోటి ఎక్స్‌రేలు చదివే ప్రతి డిపార్ట్‌మెంట్‌కీ తెలిసినవే. మన చేతిలో పెట్టే ఆ నల్ల ఫిల్ములో ఏముంటుందో, దాన్ని ఎలా చదువుతారో చెప్పడానికి కథ సులువైన దారి అనిపించింది.

ఓపీజీ తీయించుకున్నవాళ్లకు ఆ గది గుర్తుండే ఉంటుంది. చెవిపోగులు, గొలుసు తీసేయమంటారు. నిలబెట్టి, ముందు పళ్లతో చిన్న ప్లాస్టిక్ ముక్కను కొరికి పట్టుకోమంటారు. నాలుకను అంగిలికి ఆనించి కదలకుండా ఉండమంటారు. మిషన్ తల చుట్టూ తిరుగుతుంది. పదిహేను సెకన్లు అటూ ఇటూ, పని అయిపోతుంది. ఎక్స్‌రే గొట్టం తల వెనక నుంచి, ఫిల్ము ముఖం ముందు నుంచి ఒకదానికొకటి ఎదురుగా తిరగడంలోనే దీని కిటుకంతా ఉంది. గుర్రపు లాడంలా వంగిన దవడను విప్పి, గోడమీద పటంలా పరిచినట్టు చూపిస్తుంది. ఆ లాడం ఆకారపు పొరలో ఉన్నవన్నీ స్పష్టంగా పడతాయి. ముందున్నవి, వెనకున్నవి చెదిరి మసకబారతాయి. ఫిన్లాండ్‌కు చెందిన ఇర్యో పాటెరో అనే దంతవైద్యుడు 1940ల చివర నుంచి ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశాడు. 1960ల మొదట్లో ఆ మిషన్ మార్కెట్లోకి వచ్చింది.

ఒక్క ఫిల్ములో ముప్ఫై రెండు పళ్లు, రెండు దవడలు, రెండు కీళ్లు, ముక్కు పక్కన ఉండే గాలి గదుల అడుగు భాగం అన్నీ వస్తాయి. ఇంత వచ్చినందుకు ఖరీదూ ఉంది. మెడ వెన్నెముక నీడ ముందు పళ్ల మీద పడుతుంది. గొంతులోని గాలి నల్లటి పట్టీలా దవడ మీదుగా సాగుతుంది. ఒకవైపు చెవిపోగు తీయకపోతే దాని దయ్యపు నీడ రెండోవైపు, అసలు చోటుకంటే కాస్త పైన, పెద్దదిగా కనిపిస్తుంది. ఇన్ని నీడల మధ్య నిజమైన నీడను ఏరుకోవాలి.

ఆ అమ్మాయి ఫిల్మును వ్యూ బాక్స్‌కి తగిలించింది. ఎవరైనా ముందు చూసేది ఎడమ కింది ఆరో పన్నే. మా లెక్కలో అది 36: ఎడమ కింది భాగానికి 3, నడిమి గీత నుంచి లెక్కపెడితే ఆరోది కాబట్టి 6. పన్ను సగం పుచ్చిపోయి, వేరు చివర చిన్న నల్లమచ్చ. ఫిల్ముతో వచ్చిన రిపోర్టులో ఆ పన్ను నంబరు, పుచ్చు లోతు, వేరు చివరి మచ్చ ఉన్నాయి. కింద సంతకం. అంతే.

సెకండియర్ నుంచీ ఆమెకు మేడమ్ ఒక అలవాటు నేర్పింది: పళ్లు ఆఖర్న చూడాలి. పన్ను తెల్లగా మెరుస్తుంది, పుచ్చు నల్లగా పిలుస్తుంది. కన్ను అక్కడ వాలిందా, ఇక కదలదు. అందుకని ముందు ఎముక అంచు. ఆమె పెన్ను మూతతో, ఫిల్మును తాకకుండా, గాలిలో గీసుకుంటూ పోయింది. ఫిల్ముకు ఎడమ చివర, అంటే పేషెంటుకు కుడివైపు, చెవి ముందుండే కీలు గుబ్బ. అక్కడి నుంచి వెనక అంచు వెంట కిందికి, దవడ మూలకి, అడుగు అంచు మీదుగా గడ్డానికి, మళ్లీ పైకి ఎడమ కీలు దాకా. ఈ అంచు పొడవునా పెన్సిల్‌తో గీసినట్టు ఒక తెల్లగీత ఉండాలి. ఉంది. ఎక్కడా తెగలేదు.

రెండోది నరం కాలువ. కింది పెదవికీ పళ్లకూ స్పర్శ తెచ్చే నరం దవడ ఎముక లోపల ఒక సొరంగంలో నడుస్తుంది. ఫిల్ములో అది రెండు సన్నటి తెల్లగీతలుగా, రైలు పట్టాల్లా కనిపిస్తుంది. ఎడమవైపు ఆ పట్టాలు వెనక నుంచి ముందు దాకా సాఫీగా వచ్చాయి. కుడివైపు జ్ఞానదంతం కింద పై పట్టా ఉన్నట్టుండి మాయమైంది. కింది పట్టా మాత్రం అడుగు అంచువైపు కొద్దిగా వంగి ఉంది.

ఆమె అక్కడ ఆగింది. రెండువైపులూ మార్చి మార్చి చూసింది. ఎడమ దవడ మూలలో, చెవివైపు లేచే ఎముక పలకలో, సన్నటి వల అల్లినట్టు ఎముక దారాలు కనిపిస్తున్నాయి. కుడివైపు అదే చోట వల లేదు. జ్ఞానదంతం వెనక నుంచి పైకి బొటనవేలంత పొడుగున, పొగ కమ్మినట్టు ఒక ఖాళీ.

"మేడమ్, నాకు నొప్పి ఎడమవైపు కదా, అటు చూస్తున్నారేంటి?" అని కుర్చీలోంచి డ్రైవరు అడిగాడు.

"రెండువైపులా చూడాలండీ. ఈ వైపు ఎప్పుడైనా వాపు గానీ, పెదవి మొద్దుబారడం గానీ ఉందా?"

"అబ్బే. ఈ వైపే కదా నేను నమిలేది!"

పక్కనే ఉన్న పీజీ సీనియర్‌ని పిలిచి చూపించింది. ఆయన రెండు సెకన్లు చూసి, "గాలి నీడమ్మా అది. ప్రతి ఓపీజీలోనూ ఉంటుంది" అని వెళ్లిపోయాడు.

ఆయన చెప్పింది తీసిపారేసే మాట కాదు. గొంతులోని గాలి సరిగ్గా అక్కడే, ఆ ఎముక పలకకు అడ్డంగా నల్లటి పట్టీలా పడుతుంది. దాన్ని చూసి జబ్బని హడావిడి చేసే విద్యార్థులు ఏటా ఉంటారు. ఈ అమ్మాయే థర్డియర్‌లో ఒకసారి కింది చిన్న దవడ పన్ను వేరు దగ్గర గుండ్రటి నల్లమచ్చ చూసి, చీము గడ్డ అని రాసింది. అది నరం బయటికి వచ్చే సహజమైన రంధ్రం. అందరికీ ఉండేదే. అందరి ముందూ ఆ రోజు పడిన మాట ఆమె మరిచిపోలేదు. మళ్లీ అలాంటి మాట పడాల్సి వస్తుందేమోనన్న భయం వల్ల ఎన్ని నోళ్లు మూతపడతాయో చదువు చెప్పేవాళ్లందరూ ఆలోచించాలి.

ఆమె మళ్లీ ఫిల్ము దగ్గరికే వచ్చింది. గాలి నీడ అయితే ఎలా ఉండాలి? గాలికి ఎముకతో సంబంధం లేదు. కాబట్టి ఆ నలుపు ఎముక వెనక అంచు దగ్గర ఆగకూడదు, దాటి మెడ మెత్తని భాగాల మీదికి కూడా సాగాలి. ఎడమవైపు అలాగే సాగింది. కుడివైపు కూడా గాలి పట్టీ ఉంది, అదీ సాగింది. కానీ దాని కిందుగా ఉన్న ఈ రెండో నలుపు ఎముక లోపలే ఆగిపోయింది. పైగా గాలి నీడకు గట్టు ఉండదు, అంచులు మెల్లగా కరిగిపోతాయి. దీనికి గట్టు ఉంది. భూతద్దం పెట్టి చూస్తే, ఖాళీ చుట్టూ దారంలాంటి తెల్లగీత, అలల్లా వంపులు తిరుగుతూ. గాలి నీడకు నరం కాలువను కిందికి నెట్టే బలమూ లేదు.

ఆ తెల్లటి గట్టు గురించి ఒక మాట చెప్పాలి. ఎముక లోపల ఏదైనా నిదానంగా పెరుగుతుంటే, ఎముకకు దాని చుట్టూ గోడ కట్టుకునే సమయం చిక్కుతుంది. ఆ గోడే తెల్లగీత. క్యాన్సర్ లాంటివి తొందరగా తినేస్తూ పోతే గోడ కట్టే వ్యవధి ఉండదు. అంచు చిరిగిన గుడ్డలా ఉంటుంది. అందుకే గట్టు కనిపించగానే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ అది భయపడనక్కర్లేదన్న హామీ కాదు. నిదానంగా పెరిగేవాటిలోనూ దవడను డొల్ల చేసేవి ఉన్నాయి.

ప్రొఫెసర్ మేడమ్ గదికి ఫిల్ము పట్టుకెళ్లి ఆమె చెప్పింది ఇది: "మేడమ్, కుడివైపు రేమస్‌లో ఒక నలుపు ఉంది. రిపోర్టులో లేదు. గాలి నీడేమో అనుకున్నాను, కానీ వెనక అంచు దాటలేదు. గట్టు ఉంది. కెనాల్ పై గీత కనిపించట్లేదు. నేను పొరబడుతున్నానేమో, ఒకసారి చూస్తారా?" జబ్బు పేరు చెప్పలేదు, ఎవరినీ తప్పు పట్టలేదు. ఏం కనిపించిందో, ఎందుకు అనుమానమో చెప్పింది. ఇంతకంటే మంచిగా చెప్పడం నాకైతే తెలియదు.

మేడమ్ లైట్లు ఆర్పేసింది. ఫిల్ముకు నాలుగు వైపులా కారే వెలుతురును నల్ల కాగితాలతో మూసింది. కంటికి పక్కనుంచి వెలుగు కొడితే పలచటి తేడాలు పట్టుబడవు. కిటికీకి ఎత్తిపట్టి చూసిన ఫిల్ములో సగమే చూసినట్టు. ఒక నిమిషం తర్వాత మేడమ్, "ఏమ్మా, పేషెంటు ఉన్నాడా, వెళ్లిపోయాడా?" అని అడిగింది.

ఆ రోజే కొత్త ఓపీజీ తీశారు. ఈసారి వెతుక్కునే పని లేదు. 14 నెలల కింద జ్ఞానదంతం వేర్ల వెనక మొదలై పలక మధ్యలో ఆగిన ఖాళీ, ఇప్పుడు ముందుకు రెండో దవడ పన్ను వేర్ల దాకా, పైకి పలక చివరి వంపు దాకా వెళ్లింది. రెండు ఫిల్ముల మీదా స్కేలు పెట్టి రెట్టింపైందని చెప్పడం మాత్రం తప్పు. ఓపీజీ అసలు సైజు కంటే పెద్దదిగా చూపిస్తుంది, ఎంత పెద్దదనేది మనిషి నిలబడిన తీరును బట్టి మారుతుంది. అందుకే వాళ్లు సెంటీమీటర్లలో రాయలేదు. ముందు ఏ పంటి వేరు దగ్గర ఆగింది, ఇప్పుడు ఏ వేరును దాటింది అని రాశారు.

తర్వాత సీబీసీటీ. దవడను పొరలు పొరలుగా కోసి చూపించే స్కాన్ అది. ఓపీజీ పొడవు ఎత్తులు చెబుతుంది కానీ లోతు చెప్పలేదు. స్కాన్‌లో చూస్తే ఎముక లోపలంతా బొంగులా ఖాళీ. బుగ్గవైపు, నాలుకవైపు గోడలు పలచబడ్డాయి తప్ప పెద్దగా ఉబ్బలేదు. సర్జరీ డిపార్ట్‌మెంట్‌లో మొద్దు సూది గుచ్చి లాగితే సిరంజిలోకి మీగడలాంటి చిక్కటి పసుపు తెలుపు పదార్థం వచ్చింది. దాంతో అనుమానం ఒకదాని మీదికి వచ్చినా, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. నిజం తేల్చేది సూది కాదు, ఫిల్ము అంతకన్నా కాదు. మైక్రోస్కోపు కింద పొర తెలిసింది: ఆరు నుంచి ఎనిమిది కణాల మందం, పైభాగం ముడతలు ముడతలుగా, అడుగు వరుస కణాలు కంచె కర్రల్లా నిలబడి. ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్. పన్ను తయారయ్యేటప్పుడు ఎముకలో మిగిలిపోయిన కణాల నుంచి పుట్టే సిస్టు.

డ్రైవరుకు వాపు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఈ జబ్బు స్వభావంలోనే జవాబుంది. చాలా సిస్టులు బెలూన్‌లా అన్ని వైపులా ఉబ్బుతాయి, ముఖం వాస్తుంది, మనిషి డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాడు. కెరటోసిస్టు ఎముక లోపలి మెత్తటి మజ్జ వెంట, అడ్డు తక్కువ ఉన్న దారిలో, పొడవుగా పాకుతుంది. గట్టి గోడలను చాలాకాలం ముట్టుకోదు. నొప్పి ఉండదు, తిమ్మిరి ఉండదు. ఎక్కువగా కింది దవడ వెనక భాగంలోనే పుడుతుంది. వేరే పని మీద తీసిన ఎక్స్‌రేలో అనుకోకుండా బయటపడటం దీనికి మామూలు. ఆ ఎక్స్‌రేలో కూడా ఎవరూ చూడకపోతే, ఒకనాడు గట్టి ముక్క కొరికినప్పుడో, చిన్న దెబ్బ తగిలినప్పుడో దవడ మూల విరుగుతుంది. అప్పుడు తెలుస్తుంది.

వైద్యం వెంటనే కోసేయడంతో మొదలవ్వలేదు. సిస్టుకు నోట్లోంచి చిన్న కిటికీ తెరిచి గొట్టం అమర్చారు. రోజుకు రెండుసార్లు సిరంజితో సెలైన్ పెట్టి కడుక్కోమన్నారు. లోపలి ఒత్తిడి పోతే ఖాళీ నెమ్మదిగా కుంచించుకుపోతుంది, చుట్టూ ఎముక పూడుతుంది, నరానికి దూరం పెరుగుతుంది. లారీ మీద వెళ్లినా అతను కడగడం మానలేదు. ఎనిమిది నెలల తర్వాత మిగిలిన సంచిని, దాన్ని అంటుకున్న జ్ఞానదంతాన్ని తీసేసి, చుట్టూ ఎముకను పలచగా గీకారు. ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ సంచి పొర ఉల్లిపొరలా పలచన. లాగితే చిరుగుతుంది. మిగిలిన పిసరు నుంచి, గోడలో దాగిన పిల్ల సిస్టుల నుంచి మళ్లీ పుడుతుంది. పదేళ్లు దాటాక తిరిగొచ్చిన కేసులు కూడా ఉన్నాయి. అందుకే మొదటి ఐదేళ్లు ఏటా ఫిల్ము తీయించుకోవాలి, ఆ తర్వాతా పూర్తిగా వదలకూడదు. మొదటి క్లినిక్‌లోనే చూసి ఉంటే ఈ పని చిన్నదయ్యేది. బహుశా కిటికీ, గొట్టం, ఎనిమిది నెలల కడుగుడు అవసరమయ్యేవి కావు.

మరి అక్కడ ఎందుకు చూడలేదు? నిర్లక్ష్యం అని కొట్టేయడం తేలిక. నేను అలా అనను. వెతికింది దొరకగానే వెతకడం ఆపేయడం మనిషి కంటి గుణం. రేడియాలజీలో దీన్ని వెతుకులాట తృప్తి అని చాలా కాలంగా గుర్తించారు. 36లో పుచ్చు దొరికింది, నొప్పికి కారణం తెలిసింది, మనసు తృప్తి పడింది. 2013లో అమెరికాలో ట్రాఫ్టన్ డ్రూ, ఆయన సహచరులు ఒక ప్రయోగం అచ్చువేశారు. ఊపిరితిత్తుల స్కాన్‌లలో చిన్న గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. ఆఖరి స్కాన్‌లో, సగటు గడ్డ కంటే 48 రెట్లు పెద్దదైన గొరిల్లా బొమ్మను ఇరికించారు. 24 మందిలో 20 మంది దాన్ని చూడలేదు. వాళ్ల కళ్లు ఎటు తిరిగాయో పరికరంతో గమనిస్తే, చూడని వాళ్లలో ఎక్కువ మంది చూపు నేరుగా ఆ గొరిల్లా మీదే పడింది. వాళ్లు వెతుకుతున్నది గొరిల్లాను కాదు, అందుకే కనపడలేదు. వీళ్లంతా అనుభవం ఉన్న నిపుణులు.

పళ్లు ఆఖర్న చూడమనే నియమం పుట్టింది ఇందుకే. కన్ను తృప్తి పడేలోగా మిగిలిన ఎముకంతా నడిచి రావాలి. ఆ అమ్మాయి దృష్టి సీనియర్ దృష్టి కంటే చురుకైంది కాదు. సీనియర్ రెండు సెకన్లు చూశాడు, ఆమె అంచు వెంట నడిచింది. ఆ నడకకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. రోజుకు వంద మంది వచ్చే ఓపీలో ఆ నిమిషాలను మొదట కోసేది ఎవరో, కోసిన చోట ఏం పోతుందో కాలేజీలు, క్లినిక్‌లు లెక్క చూసుకోవాలి.

చదివేవాళ్లకు నా విన్నపం. ఓపీజీ తీయించుకుంటే, నొప్పి ఉన్న పన్ను గురించే కాకుండా ఫిల్ము మొత్తం చూసి రిపోర్టు రాయమని అడగండి. రెండు దవడలు, రెండు కీళ్లు, రెండువైపులా. ఫోన్‌లో ఫొటో తీసుకుని అసలు ఫిల్మును పారేయకండి. ఫొటోలో ఆ దారంలాంటి గట్టు నిలవదు. కవరు మీద తేదీ రాసి, ఎండ తగలని చోట చదునుగా దాచండి. ఏ పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా పాత ఫిల్ము వెంట తీసుకెళ్లండి. ఆ డ్రైవరు ఆ గోధుమరంగు కవరును 14 నెలలు బీరువాలో ఉంచాడు.